స్ట్రోక్ పునరావాసంలో థెరపిస్టు పని ఎక్కడుంది?

ప్రశ్న: ఫిజియోథెరపీ చివరి సంవత్సరం చదువుతున్నాను. పక్షవాతం వచ్చినవారి బాగున్న చేతిని కట్టిపెట్టి, బలహీనమైన చేతితో పని చేయించే చికిత్స గురించి చదివాను. అందులో థెరపిస్టు చేసేది పెద్దగా లేదేమో అనిపించింది. ఈ రంగాన్ని ఎంచుకోవచ్చా?

జవాబు: ఎంచుకోవచ్చు. చేతిని కట్టిపెట్టడం ఆ చికిత్సలో చిన్న భాగం మాత్రమే.

శాస్త్రవేత్త ఎడ్వర్డ్ టాబ్ కోతుల మీద చేసిన ప్రయోగాల నుంచి ఇది పుట్టింది. ఒక చేతి స్పర్శ నాడులను తెంచితే, కదిలించే నాడులు బాగానే ఉన్నా కోతి ఆ చేతిని వాడడం మానేసింది. మొదట్లో ప్రయత్నించినప్పుడల్లా విఫలమైంది, రెండో చేత్తో పని గడిచిపోయింది. తర్వాత సామర్థ్యం తిరిగి వచ్చినా మానేసిన అలవాటు పోలేదు. బాగున్న చేతిని కొన్ని రోజులు కట్టిపెడితే మళ్లీ వాడింది. స్ట్రోక్ తర్వాత మనుషుల్లోనూ ఇదే జరుగుతుంది. మెదడు కూడా వాడకాన్ని బట్టే మారుతుంది: 1996లో రాండాల్ఫ్ నుడో బృందం కోతుల్లో చూపినట్టు, శిక్షణ లేకపోతే గాయం పక్కన మిగిలిన చేతి ప్రాంతం కూడా కుంచించుకుపోతుంది, శిక్షణ ఇస్తే నిలుస్తుంది.

ఇక మీ పని. స్ట్రోక్ వచ్చి నాలుగు నెలలైన ఒకరు మణికట్టును 20 డిగ్రీలు, వేళ్లను 10 డిగ్రీలు పైకి ఎత్తగలరనుకుందాం. ఈ చికిత్సకు సాధారణంగా కావాల్సిన కనీస కదలిక అంతే. అయినా ఆయన అన్నీ రెండో చేత్తోనే చేసుకుంటారు. మీరు ఆయన్ని ఆ బలహీనమైన చేత్తో చిన్న దిమ్మెలను పెట్టెలో వేయమని చెప్పి, 30 సెకన్లలో ఎన్ని వేశారో లెక్కపెడతారు. సులువయ్యాక పెట్టెను కాస్త దూరం జరుపుతారు, లేదా ఎత్తు పెంచుతారు, రెండూ ఒకేసారి కాదు. ఆయన భుజం ఎగరేసినా, నడుము ముందుకు వంచినా దూరం ఎక్కువైందని అర్థం, వెనక్కి తేవాలి. మూల పద్ధతిలో ఇలా రోజుకు 6 గంటలు, రెండు వారాల్లో 10 రోజులు సాగుతుంది. మెలకువగా ఉన్న సమయంలో దాదాపు 90 శాతం బాగున్న చేతికి మెత్తని తొడుగు ఉంటుంది.

అసలు పరీక్ష ఇంట్లోనే. తలుపు తీయడం, దువ్వుకోవడం వంటి పనుల్లో బలహీనమైన చేతిని ఎంత వాడారో రోజూ అడిగి రాసుకోవాలి. దిమ్మెల లెక్క పెరిగి ఇంట్లో వాడకం పెరగకపోతే, వ్యాయామాలు పెంచి లాభం లేదు. ఏ పని దగ్గర వెనకాడుతున్నారో కనుక్కుని దాని మీదే కూర్చోవాలి. చాలామంది థెరపిస్టులు వదిలేసేది ఈ భాగాన్నే, అది నాకు బాధ కలిగిస్తుంది.

పరిమితులూ తెలుసుకోండి. వేళ్లు బొత్తిగా కదలని వారికి ఇది పనికిరాదు. తొలి వారాల్లో ఎంత ఎక్కువ చేయిస్తే అంత మేలనీ అనుకోకూడదు: స్ట్రోక్ రోగులపై జరిపి 2009లో వెలువరించిన వెక్టర్స్ పరీక్షలో ఈ చికిత్సను అధిక మోతాదులో పొందినవారు 90 రోజుల నాటికి తక్కువే కోలుకున్నారు.

నిర్ణయానికి ముందు, ఇలాంటి చికిత్సను మొదటి రోజు నుంచి చివరి రోజు దాకా ఒకే రోగి పక్కన కూర్చుని చూడండి. పెట్టెను ఎప్పుడు జరపాలో థెరపిస్టు కంటే ముందు మీకే తోస్తుంటే దరఖాస్తు చేయండి.