చెరువు సంఘం బాధ్యత తీసుకున్న అల్లుడికి

చిరంజీవి అల్లుడికి మామ ఆశీస్సులు.

నిన్ను చెరువు సంఘానికి అధ్యక్షుణ్ణి చేశారని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. చాలా సంతోషమైంది. వానలు పడేలోపు పొక్లెయిన్ పెట్టి పూడిక తీయిస్తానంటున్నావట. తీద్దువుగానీ, ముందు చూడాల్సినవి వేరే ఉన్నాయి. నీళ్లు చెరువులోకి ఎట్లా వస్తున్నాయి, ఎక్కువైనప్పుడు ఎట్లా పోతున్నాయి, తూము దాటాక ఎవరి మడికి ఎంత అందుతోంది అనేవి తేలకుండా గుంత ఎంత లోతు చేసినా ఉపయోగం లేదు.

మన కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు శాసనం గురించి నీకు చెప్పాలి. బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు 1369లో వేయించాడు. రోజుకు వెయ్యి మంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ల పని అని అందులో రాసి ఉంది. నాకు అంతకన్నా విలువైనదిగా తోచేది వేరే ఉంది. మంచి చెరువుకు కావలసిన పన్నెండు అంగాలు, చెరువును చెడగొట్టే ఆరు దోషాలు ఆ రాతి మీద వరుసగా చెప్పారు. కట్టలోంచి నీరు ఊరడం, చవుడు నేల, రెండు రాజ్యాల సరిహద్దులో ఉండడం, చెరువు నడుమ తాబేటి వీపులాగా మిట్ట ఉండడం, నీరు తక్కువై సాగునేల ఎక్కువ కావడం, నేల తక్కువై నీరు ఎక్కువ కావడం. ఆ ఆరింటిలో మన చెరువుకు ఇప్పుడు రెండున్నాయి. కట్ట ఊరుతోంది, ఉన్న నీటికి మించి వరి వేస్తున్నారు.

మొదట వంక వెంట పైదాకా నడువు. సర్వే పటం చేతిలో పెట్టుకో. వంకను పూడ్చి చేను కలుపుకున్నవాళ్లు, రోడ్డు కింద చిన్న గొట్టం వేసి నీటికి అడ్డుపడ్డవాళ్లు నీకు అక్కడే కనబడతారు. కంపచెట్లు కొట్టించడం ఒక్కరోజు పని. ఆక్రమణ మాత్రం ఒక్కరోజులో తేలేది కాదు కాబట్టి, ఎండాకాలంలోనే తహసీల్దారు దగ్గర అర్జీ పెట్టు.

తర్వాత మరవ. దీని గురించి కాస్త వివరంగా రాస్తాను. చెరువు నిండాక మిగులు నీళ్లు మరవ మీదుగా దుమికి వంకలో పడి, కింది ఊరి చెరువులోకి పోతాయి. సీమలో చెరువులు చాలావరకు ఇట్లా ఒకదాని కింద ఒకటి గొలుసుగా ఉంటాయి. అక్టోబరులో ఒక్క రాత్రి కుండపోత కురిసి, ఆ ఏడాదికి రావాల్సిన నీళ్లలో సగం వచ్చిపడొచ్చు. అప్పుడు మరవ మీద ఇసుక బస్తాలు పేర్చి ఇంకో అడుగు నీళ్లు ఆపుదామని పిల్లలు ముందుకొస్తారు. ఎట్టి పరిస్థితుల్లోనూ ఒప్పుకోవద్దు. మరవ మట్టానికీ కట్ట పైభాగానికీ మధ్య ఉన్న ఎత్తే వరదకు విడిచిన చోటు. అది తగ్గితే నీళ్లు కట్ట మీద నుంచి పొర్లుతాయి. మట్టి కట్ట లోపలివైపు రాతి పరుపు ఉంటుందిగానీ బయటివైపు ఉండేది ఒట్టి మట్టే. పొర్లిన నీరు ఆ వాలును కిందినుంచి కోసుకుంటూ వచ్చి గండి కొడుతుంది. మన గండి నీళ్లు కింది చెరువు మీద ఒక్కసారిగా పడితే దాని మరవ తట్టుకోలేదు, దాని కిందిదీ పోతుంది.

కట్ట ఊరడంలో రెండు రకాలున్నాయి, వాటిని కళ్లతోనే పట్టుకోవచ్చు. కట్ట వెనక తేటనీరు సన్నగా ఊరుతుంటే భయపడొద్దు. ఆ చోట కర్ర పాతి, రోజూ పెరుగుతోందో లేదో చూడు. ఊరే నీరు మడ్డిగా, ఎర్రగా వస్తే మాత్రం లోపలి మట్టి కొట్టుకొస్తోందని అర్థం. లోపల సొరంగం పడుతోంది. అప్పుడు చాలామంది పైన బంకమట్టి తొక్కి మూసేస్తారు. అలా చేస్తే నీరు లోపలే బిగిసి ఇంకోచోట పగులుతుంది. ముందు ఇసుక, దాని మీద సన్న కంకర, ఆ పైన రాళ్లు పరవాలి. నీరు బయటికి పోవాలి, మట్టి లోపలే ఆగాలి. వెంటనే తూము తీసి చెరువు మట్టం కూడా దించు. ఎక్కువగా ఈ ఊట తూము గోడకూ మట్టికీ మధ్య సందులో మొదలవుతుంది కాబట్టి అక్కడ రోజూ చూడాలి. కట్ట మీద పెద్ద చెట్లు పెరగనివ్వొద్దు. చెట్టు చచ్చాక దాని వేరు కుళ్లి నీటికి దారవుతుంది.

పూడిక మాట క్లుప్తంగా చెప్తాను. కట్ట మొదలు దగ్గర గీకనివ్వొద్దు, కట్ట కాలు జారుతుంది. తూము గడప కన్నా లోతుగా తవ్విన గుంతలోని నీరు పశువులకు, బావుల ఊటకు పనికొస్తుందిగానీ తూములోంచి మడికి రాదు. అడుగున బంక పొర దాటి ఇసుక తేలిందంటే అక్కడితో ఆపెయ్యి.

ఇక ఎక్కువ తగాదాలు వచ్చేది పంపకంలోనే. ఒక లెక్క చెప్తాను చూడు. ఎకరం నేల మీద అడుగు లోతు నిలిచే నీటిని ఒక పాలు అనుకో. చెరువులో 240 పాళ్లున్నాయి, నీరు పరుచుకున్న నేల 40 ఎకరాలు. పంటకాలం నాలుగు నెలల్లో ఎండకు, ఇంకుడుకు రెండడుగులు పోతాయనుకుంటే 80 పాళ్లు తగ్గుతాయి. తూముకు అందకుండా చెరువు అడుగున మిగిలిపోయే నీరు ఇంకో 20 పాళ్లు. మడికి మిగిలేవి 140. వరికి ఎకరాకు నాలుగడుగులు పడితే 35 ఎకరాలే పండుతుంది. అదే నీటితో, ఎకరాకు అడుగున్నరతో గట్టెక్కే రాగి అయితే 90 ఎకరాలు దాటుతుంది. ఆయకట్టు నూరెకరాలయినప్పుడు అందరూ వరే నాటితే ఏమవుతుందో నీకు తెలుసు. పొట్ట దశలో నీళ్లు అయిపోయి, చివరి మడులవాళ్లు పెట్టుబడి పోగొట్టుకుంటారు.

అందుకే నారు పోయకముందే సభ పెట్టి, ఆ రోజు చెరువు మట్టం చూసి లెక్క కట్టు. వరి తప్పదంటే తూముకు దగ్గరగా ఉన్న 35 ఎకరాలనే ఆ ఏటికి అందరికీ వాళ్ల వాళ్ల భూమి నిష్పత్తిలో పంచాలి. శ్రీలంక చెరువుల కింద రైతులు ఈ పద్ధతిని బెత్మ అంటారు. పై మడి ఆసాములు మొదట ఒప్పుకోరు. చివరి మడివాళ్లు కూడా కట్టపనికి వస్తున్నారు కదా అని గుర్తుచెయ్యి. వాళ్లకు నీళ్లు లేకపోతే మరుసటేడు వాళ్లు పనికి రారు, అప్పుడు కట్టకు దిక్కుండదు.

ఈ పని వెనక ఎప్పుడూ ఏదో ఒక రాబడి ఉండేది. చెరువు తవ్వించినవాళ్లకు, చూసుకునేవాళ్లకు దశబంధం ఇనాం భూములిచ్చేవాళ్లు. ఆ భూమి అనుభవించినన్నాళ్లు మరమ్మతు బాధ్యత వాళ్లదే. తూము తీసి మడులకు నీళ్లు పంచే నీరుగంటికి కల్లంలోనే ప్రతి రైతూ గింజలు కొలిచేవాడు. ఆ ఇనాములు పోయాయి, బోర్లు వచ్చాక పెద్ద రైతులకు తూముతో పనిలేకపోయింది. కాబట్టి నీరుగంటికి ఎకరాకు ఇన్ని గింజలని ముందే తీర్మానం రాయించు. ఆ తూము కింద సొంత మడి లేని మనిషిని పెట్టు. తూము అతనే తీయాలి, అతనే మూయాలి, నువ్వు చెప్పినా సరే వంతు తప్పకూడదు. బోర్లున్నవాళ్ల దగ్గరా సంఘానికి వాటా అడుగు. చెరువు నిండితేనే వాళ్ల బోర్లలో నీళ్లు నిలుస్తాయని వాళ్లకూ తెలుసు.

వంక నడిచొచ్చాక ఎక్కడెక్కడ అడ్డముందో నాకు రాయి. అర్జీ రాసే రోజు నేనూ వస్తాను.

ఇట్లు
మీ మామ