రద్దు నోటీసు గడువులోపే అందిందనడానికి రుజువు

“సేవ వద్దని గడువులోపే మెయిల్ పెట్టాను. ఆలస్యంగా అందింది, ఇంకో ఏడాదికి రెన్యువల్ అయిపోయింది అంటున్నారు. నా Sent ఫోల్డర్‌లో తేదీ స్పష్టంగా ఉంది. సరిపోదా?”

సరిపోదు. మీరు ఎప్పుడు పంపారో మాత్రమే అది చెబుతుంది. చాలా ఒప్పందాల్లో లెక్కకు వచ్చేది నోటీసు అవతలివారికి అందిన రోజు.

మా ఆఫీసులో ఫైళ్ల బ్యాకప్ సేవ విషయంలో ఇదే గొడవ జరిగింది. ఒప్పందం డిసెంబర్ 31తో ముగుస్తుంది. దానికి కనీసం 60 రోజుల ముందు నోటీసు అందాలని షరతు. అందిన రోజునూ ముగిసే రోజునూ వదిలేసి మధ్యలో నిండుగా 60 రోజులు లెక్కపెడితే ఆఖరి తేదీ అక్టోబర్ 31. నేను 29 సాయంత్రమే, ఒప్పందంలో నోటీసుల కోసం ఇచ్చిన చిరునామాకే పంపాను. పని వేళలు దాటాక వచ్చిన మెయిల్‌ను మరుసటి పనిదినం అందినట్లు లెక్కిస్తామని ఇంకో షరతు ఉంది. అలా చూసినా 30వ తేదీకి, అంటే గడువులోపే అందినట్లు. అయినా జనవరిలో కొత్త ఏడాదికి బిల్లు పంపారు. అడిగితే “మీ మెయిల్ మాకు నవంబర్ 3న అందింది” అన్నారు. వాళ్ల ఉద్యోగి దాన్ని తెరిచి చూసిన రోజు అది! చేరడం వేరు, చదవడం వేరు. ఈ తేడా తెలియనట్లు నటించే కంపెనీలంటే నాకు ఒళ్లు మండుతుంది. సేవలో చేరేటప్పుడు ఒక్క బటన్ చాలు, మానేయాలంటే మాత్రం తేదీల తిరకాసులు.

మా మెయిల్ సర్వర్ చూసుకునే ఆయనను డెలివరీ లాగ్, అంటే ఏ మెయిల్ ఎప్పుడు ఎక్కడికి చేరిందో సర్వర్ రాసుకునే చిట్టా అడిగాను. అందులో ఆ మెయిల్ వరుసలో, వాళ్ల సర్వర్ పేరు పక్కన ఇలా ఉంది:

```
250 2.0.0 OK
```

మెయిల్‌ను స్వీకరించానని వాళ్ల సర్వరే ఇచ్చిన జవాబు ఇది. పక్కనే 29వ తేదీ, సమయం. ఎవరైనా చదివారని ఇది రుజువు చేయదు, స్పామ్‌లో పడలేదనీ చెప్పదు. కానీ మా ఒప్పందంలో సర్వర్‌కు చేరితే అందినట్లే. ఆ వరుసను, షరతు ఉన్న పేజీని జతచేసి పంపాక బిల్లు వెనక్కి తీసుకున్నారు.

మీరూ ముందు ఒప్పందంలో “అందడం” అంటే ఏమని రాశారో చూసి, ఈరోజే లాగ్ అడగండి. చాలా సర్వర్లలో పాత లాగ్‌లు కొంతకాలానికి చెరిగిపోతాయి. సర్వర్ మీ చేతిలో లేకపోతే వాళ్లనుంచి వచ్చిన ఆటోమేటిక్ జవాబు, టికెట్ నంబర్ వెతకండి, అవీ పనికొస్తాయి. స్పీడ్ పోస్టులో పంపినా, డెలివరీ రుజువు కవరు చేరిందనే చెబుతుంది, లోపల ఏముందో చెప్పదు. అందుకే ఉత్తరానికి ఒక నంబరు వేసి, కవరు మీద కూడా అదే రాయాలి. కోపంతో కార్డు చెల్లింపు ఆపేసి ఊరుకోకండి. చెల్లింపు ఆగినంత మాత్రాన ఒప్పందం రద్దు కాదు, బాకీ మీ పేరనే పెరుగుతుంది.