రాజీనామా తేదీ కాదు, ఆఖరి పనిదినమే లెక్క

ప్రశ్న: ఒక ప్రైవేటు సంస్థలో 2016 మార్చి 14న చేరాను. 2025 జులై 28న రాజీనామా ఇచ్చి, 60 రోజుల నోటీసు కాలం పూర్తిగా పనిచేసి సెప్టెంబరు 26న బయటికి వచ్చాను. ఆఖరి మూల వేతనం రూ.39,000, డీఏ లేదు. అన్నీ కలిపి నెలకు రూ.78,000 వచ్చేది. ఆగస్టు, సెప్టెంబరు జీతాలు సరిగానే వచ్చాయి. సెటిల్‌మెంట్ స్టేట్‌మెంట్‌లో గ్రాట్యుటీ రూ.1,75,500, 35 రోజుల సెలవులకు రూ.45,500 అని చూపించారు. నా లెక్క ప్రకారం సెలవులు 38 ఉండాలి. సెలవుల పట్టీ జతచేస్తున్నాను. సంతకం పెట్టమంటున్నారు, పెట్టవచ్చా?

జవాబు: ఇప్పుడే పెట్టకండి. మీ స్టేట్‌మెంట్‌లో గ్రాట్యుటీ రూ.49,500, సెలవుల సొమ్ము రూ.3,900 తక్కువ పడినట్లు కనిపిస్తోంది. ‘ఇక రావలసిందేమీ లేదు’ అనే వాక్యం ఉన్న కాగితంపై సంతకం చేశాక ఈ మొత్తాలను అడగవచ్చు గానీ, అప్పుడు మీరే అదనంగా సంజాయిషీ చెప్పుకోవలసి వస్తుంది.

ముందుగా గ్రాట్యుటీ చూద్దాం. స్టేట్‌మెంట్‌లో మొత్తం తప్ప లెక్క ఎలా వేశారో రాయనప్పుడు, ఆ మొత్తాన్ని ఆఖరి మూల వేతనంతో భాగించి చూడడం నాకు అలవాటు. 1,75,500ను 39,000తో భాగిస్తే సరిగ్గా 4.5 వస్తుంది. అంటే ఏడాదికి అర నెల జీతం చొప్పున తొమ్మిదేళ్లకు కట్టారన్నమాట. ఈ ఒక్క అంకెలోనే రెండు పొరపాట్లు దాగి ఉన్నాయి.

మొదటిది అర నెల అన్న కొలత. 1972 నాటి గ్రాట్యుటీ చెల్లింపు చట్టం నెల జీతంపై పనిచేసేవారికి ఏడాదికి 15 రోజుల వేతనం ఇవ్వమంటుంది. అయితే ఒక రోజు వేతనాన్ని తేల్చడానికి నెల జీతాన్ని 30తో కాక 26తో భాగించాలని ఆ చట్టమే చెబుతుంది. వారాంతపు సెలవులు పోగా నెలలో మిగిలే పనిదినాలు సుమారుగా అన్నే కదా. ఆ ప్రకారం మీ రోజు వేతనం రూ.1,500, ఏడాదికి రావలసింది రూ.22,500. మీ సంస్థ 30తో భాగించి రూ.19,500 మాత్రమే లెక్కగట్టింది. అర నెల కొలత ఎక్కడా లేనిది కాదు. ఈ చట్టం వర్తించని సంస్థల ఉద్యోగులకు ఎంత గ్రాట్యుటీపై పన్ను మినహాయింపు ఇవ్వాలో తేల్చడానికి ఆదాయపు పన్ను చట్టం దాన్ని వాడుతుంది. పది మంది లేదా అంతకు మించి పనిచేసే సంస్థకు గ్రాట్యుటీ చట్టం వర్తిస్తుంది కాబట్టి, మీ సంస్థ ఆ కోవలోదైతే ఈ కొలత చెల్లదు.

రెండోది తొమ్మిదేళ్లన్న అంకె. ఆరు నెలలకు మించిన భాగాన్ని పూర్తి ఏడాదిగా లెక్కించాలని చట్టంలో ఉంది. మీరు చేరిన రోజు నుంచి 2025 సెప్టెంబరు 13 నాటికి తొమ్మిదేళ్ల ఆరు నెలలు నిండాయి. ఆ తరువాత మరో 13 రోజులు పనిచేశారు కాబట్టి మీ సర్వీసు పదేళ్ల కింద లెక్క. అదే రాజీనామా ఇచ్చిన జులై 28ని ఆఖరి రోజుగా తీసుకుంటే తొమ్మిదేళ్ల నాలుగున్నర నెలలే అవుతుంది, ఆ పైభాగం రాలిపోతుంది. నోటీసు కాలంలో మీరు ఉద్యోగే, కనుక సర్వీసు ఆఖరి పనిదినం వరకూ నడుస్తుంది. రూ.22,500 చొప్పున పదేళ్లకు మీకు రావలసిన గ్రాట్యుటీ రూ.2,25,000.

తొమ్మిదేళ్లు అని ఎందుకు వేశారన్నది ఈ అంకె ఒక్కదానితో తేలదు, ఎందుకంటే పైన చెప్పిన పన్ను లెక్కలోనూ పూర్తయిన ఏళ్లనే తీసుకుంటారు. సెలవుల పట్టీ చూశాక మాత్రం తేదీ దగ్గరే పొరపాటు జరిగిందని నాకు గట్టిగా అనిపించింది. నిరుటి నుంచి వచ్చిన నిల్వ 30. ఏడాదికి 18 ఆర్జిత సెలవులు కాబట్టి ప్రతి నెలా మొదట్లో ఒకటిన్నర జమ అవుతోంది. ఈ ఏడాది మీరు వాడుకున్నవి ఐదున్నర. సెప్టెంబరు దాకా జమలు వేస్తే పదమూడున్నర చేరి నిల్వ 38 అవుతుంది. జులైతో ఆపేస్తే పదిన్నరే చేరి సరిగ్గా 35 దగ్గర ఆగుతుంది. మీ చేతిలో ఉన్న స్టేట్‌మెంట్‌లోని సంఖ్య అదే. జీతాలు సవ్యంగా వచ్చాయంటున్నారు కాబట్టి జీతాల విభాగం దగ్గర తేదీ సరిగానే ఉండి, గ్రాట్యుటీ, సెలవుల లెక్క వేసినవారు మాత్రం రాజీనామా తేదీని తీసుకుని ఉంటారు. అయితే నోటీసు కాలంలో సెలవులు జమ కావని మీ సంస్థ సెలవుల నిబంధనల్లో రాసి ఉందేమో ఒకసారి చూసుకోండి. అలా ఉంటే ఆ మూడు రోజుల వాదన బలహీనపడుతుంది. గ్రాట్యుటీ వాదనకు మాత్రం దానితో ఏ సంబంధమూ లేదు.

సెలవుల విషయంలో ఒక జాగ్రత్త చెబుతాను. గ్రాట్యుటీకి 26 అన్నాను కదా అని ఇక్కడా 26తో భాగించమని అడగకండి. మీలాంటి కార్యాలయ ఉద్యోగుల సెలవుల సొమ్ముకు భాజకం ఎంత, మూల వేతనంపై కట్టాలా మొత్తం జీతంపైనా అన్నవి సాధారణంగా సంస్థ నిబంధనల్లోనూ అపాయింట్‌మెంట్ లెటర్‌లోనూ ఉంటాయి. మీ సంస్థ మూల వేతనాన్ని 30తో భాగించి రోజుకు రూ.1,300 చొప్పున వేసింది. నిబంధనల్లోనూ అదే ఉంటే ఆ రేటు సరైనదే, 38 రోజులకు రూ.49,400 రావాలి.

పన్ను కోత వేశారేమో కూడా చూడండి. గ్రాట్యుటీ చట్టం వర్తించే ఉద్యోగికి చట్టం లెక్క ప్రకారం వచ్చే మొత్తం, రూ.20 లక్షల పరిమితికి లోబడి, పన్ను లేకుండా అందుతుంది. మీ రూ.2,25,000 పూర్తిగా అందులోకే వస్తుంది. ఉద్యోగం వదిలినప్పుడు వచ్చే సెలవుల సొమ్ముకు ప్రభుత్వేతర ఉద్యోగులకు జీవితకాలంలో మొత్తం మీద రూ.25 లక్షల పరిమితి ఉంది. పది నెలల సగటు జీతం వంటి ఇతర హద్దులు కూడా ఉన్నా మీ మొత్తం వాటికి చాలా లోపలే ఉంది. కొత్త పన్ను విధానంలోనూ ఈ రెండు మినహాయింపులు దొరుకుతాయి. సంస్థ పన్ను కోసేసి ఉంటే రిటర్నులో మినహాయింపు చూపి వెనక్కి తీసుకోవచ్చు.

2025 నవంబరు 21 నుంచి సామాజిక భద్రతా స్మృతి అమల్లోకి వచ్చింది. మీరు అంతకు ముందే బయటికి వచ్చారు కాబట్టి మీకు 1972 చట్టమే వర్తిస్తుంది. ఆ తేదీ తరువాత ఉద్యోగం వదిలినవారు మాత్రం మూల వేతనం, డీఏ చూసి ఊరుకోకూడదు. వేతనం కింద లెక్కించని భత్యాలు మొత్తం జీతంలో సగం దాటితే ఆ దాటిన భాగాన్నీ వేతనంలో కలపాలని కొత్త నిర్వచనం చెబుతుంది. మీలాగే రూ.78,000 జీతం ఉండి మూల వేతనం రూ.30,000గా రాసి ఉన్నవారికి గ్రాట్యుటీ లెక్క రూ.39,000పై పడుతుంది.

ఇక చేయవలసింది ఒక ఉత్తరం రాయడం. ఫోనులో మాట్లాడితే ఆధారం మిగలదు కనుక హెచ్‌ఆర్ విభాగానికి ఈమెయిల్ పంపండి. అపాయింట్‌మెంట్ లెటర్, ఆఖరి పనిదినం రాసి ఉన్న రిలీవింగ్ లెటర్, సెలవుల పట్టీ జతచేసి, గ్రాట్యుటీకి తీసుకున్న ఆఖరి తేదీ ఏది, ఏ సంఖ్యతో భాగించారు అన్న రెండు ప్రశ్నలు అడగండి. గ్రాట్యుటీని చెల్లించవలసి వచ్చిన రోజు నుంచి 30 రోజుల్లో ఇవ్వాలి. ఆలస్యమైతే ఏడాదికి 10 శాతం సాధారణ వడ్డీ చేరుతుంది, తగ్గిన రూ.49,500పై అది నెలకు సుమారు రూ.412. సరిచేయడానికి నిరాకరిస్తే గ్రాట్యుటీ వరకు మీ ప్రాంత కార్మిక శాఖలోని కంట్రోలింగ్ అథారిటీకి దరఖాస్తు చేయవచ్చు. ఈలోగా సంస్థ తాను ఒప్పుకున్న మొత్తాన్ని జమ చేస్తానంటే తీసుకోండి, రసీదుపై ‘తేడా మొత్తంపై హక్కు వదులుకోకుండా స్వీకరించాను’ అని మీ చేతితో రాసి సంతకం చేయండి.