గొడవ రిపోర్టులో ‘అన్నాడు’ అని రాయాలా, ‘అన్నారు’ అని రాయాలా?

ప్రశ్న: సార్, ఒంగోలులో ఎంబీఏ చదువుతూ చీమకుర్తి దగ్గర ఒక గ్రానైట్ ఫ్యాక్టరీలో హెచ్ఆర్ ఇంటర్న్‌గా చేస్తున్నాను. సోమవారం క్రేన్ ఆపరేటరుకీ, పాలిషింగ్ హెల్పరుకీ పెద్ద గొడవైంది. నన్ను రిపోర్టు రాయమన్నారు. ఎవరి పక్షమూ తీసుకోకూడదట. డ్రాఫ్టు పంపుతున్నాను. టెన్షన్‌గా ఉంది, చూసి చెప్పండి.

జవాబు: చదివానమ్మా. మీ మొదటి వాక్యమే తీర్పు చెప్పేసింది: “స్లాబ్ మూల విరిగినందుకు ఆపరేటర్ గారు మందలించగా, హెల్పర్ ఎదురుతిరిగి దుర్భాషలాడాడు.” ఒకరికి ‘గారు’, ఇంకొకరికి ‘ఆడాడు’. మన భాషలో క్రియ చివరే మర్యాద తెలిసిపోతుంది కాబట్టి, మీరు అనుకోకపోయినా పక్షపాతం అక్కడే దూరింది. ఇద్దరికీ ‘అన్నారు’ అనే రాయండి. మందలించారు, దబాయించారు, రెచ్చగొట్టారు అనేవన్నీ మీ అభిప్రాయాలు.

కొటేషన్ లోపలి మాటలను మాత్రం ముట్టుకోవద్దు. ‘దుర్భాష’ అంటే ‘ఒరేయ్’ అన్నారా, తల్లిని తిట్టారా? చదివేవారికి తెలియదు. రాయడానికి ఇబ్బందిగా ఉన్నా అన్నది అన్నట్టే రాయాలి. ‘యాడ’ని ‘ఎక్కడ’ అని దిద్దకండి. చాలా గొడవలు ఒక్క ‘రా’ దగ్గరే ముదురుతాయి, పరోక్షంగా రాస్తే ఆ ‘రా’ మాయమైపోతుంది. సరిగ్గా గుర్తులేని మాటను కొటేషన్‌లో పెట్టకుండా ‘ఈ అర్థం వచ్చేలా అన్నారు’ అనండి.

ఇక ఎవరు మొదలుపెట్టారన్నది. ఎవరి మాట ముందు రాస్తే వాళ్లే మొదలుపెట్టినట్టు కనిపిస్తుంది. అందుకే మీరు ఎప్పుడు చేరుకున్నారో ముందే చెప్పాలి. మీ డ్రాఫ్టునే ఇలా మార్చాను:

“మధ్యాహ్నం సుమారు 3:20కి కేకలు వినబడి పాలిషింగ్ లైన్ దగ్గరికి వెళ్లాను. అంతకుముందు జరిగింది నేను చూడలేదు. నేను విన్న మొదటి మాట ఆపరేటర్‌ది: ‘యాడ చూస్తన్నావురా? స్లాబ్ పోయింది.’ హెల్పర్, ‘రా అంటే ఊరుకోను. నువ్వు ఎత్తి కొట్టి నన్నంటావేంది?’ అన్నారు. ఆపరేటర్ రెండడుగులు ముందుకు వచ్చారు. సూపర్‌వైజర్ మధ్యలో నిలబడ్డారు. ఒకరినొకరు తాకడం నేను చూడలేదు.”

తర్వాత ఇద్దరి స్టేట్‌మెంట్లూ విడివిడిగా, జ్ఞాపకం చెదరకముందే తీసుకోండి. రాసింది చదివి వినిపించి సంతకం పెట్టించండి. స్లాబ్ ముందే చీలి ఉందని హెల్పర్, దింపేటప్పుడు హెల్పర్ తోశారని ఆపరేటర్ చెబితే రెండూ అలాగే ఉంచండి. వాటిని కలిపి ఒక కథ చేయడం మీ పని కాదు. రేపు చార్జిషీటు ఇచ్చి విచారణ పెడితే మిమ్మల్ని సాక్షిగా పిలవవచ్చు. అప్పుడు ‘ఇది మీరు చూశారా, ఎవరైనా చెప్పారా?’ అనే ప్రశ్న తప్పకుండా వస్తుంది.

మీ రెండో పేరాలో సూపర్‌వైజర్ చెప్పిన రెండు సంగతులు మీరే చూసినట్టు ఉన్నాయి. వాటి ముందు ‘సూపర్‌వైజర్ చెప్పిన ప్రకారం’ అని చేర్చాకే సంతకం పెట్టండి.