శాంక్షన్ లెటర్‌లో వడ్డీ శాతం కంటే ముందు చూడాల్సిన వాక్యం

ప్రశ్న: మా అబ్బాయి ఎంఎస్ చేయడానికి అమెరికా వెళ్తున్నాడు. 20 లక్షల ఎడ్యుకేషన్ లోన్ శాంక్షన్ అయిందని బ్యాంకు నుంచి ఈమెయిల్ వచ్చింది. వడ్డీ 10.50 శాతం, ఫ్లోటింగ్ అని ఉంది. చదువయ్యాక ఏడాది వరకు కట్టక్కర్లేదంటున్నారు. యాక్సెప్ట్ చేసి ఓటీపీ చెప్పమని రోజూ ఫోన్ చేస్తున్నారు. ఏమేం చూసుకుని ఒప్పుకోవాలి?
– ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: ముందుగా ఓటీపీ ఆపండి. ఈమెయిల్‌కు జతచేసిన ఫైళ్లలో లోన్ షరతులు, ఖర్చులన్నీ ఒకేచోట చూపే ‘కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్’ ఉందో లేదో చూడండి. 2024 అక్టోబర్ 1 తర్వాత మంజూరైన ప్రతి రిటైల్ లోన్‌కూ దీన్ని ఇచ్చి తీరాలని రిజర్వ్ బ్యాంక్ నిబంధన పెట్టింది. మీకు అర్థమయ్యే భాషలోనే ఇవ్వాలి కాబట్టి తెలుగులో కావాలని అడగొచ్చు. మీలాంటి దీర్ఘకాలపు లోన్‌కు ఆ షరతులు కనీసం మూడు పనిదినాలు చెల్లుబాటులో ఉంటాయి. ‘ఈరోజే చేయాలి సార్, లేకపోతే రేటు పోతుంది’ అని ఎవరైనా తొందరపెడితే ఈ మాట చెప్పండి.

ఇప్పుడు అసలు విషయం. ‘ఏడాది వరకు కట్టక్కర్లేదు’ అన్న మారటోరియం మాటలో సగమే నిజం. కట్టక్కర్లేదు గానీ, వడ్డీ మాత్రం మొదటి విడత డబ్బు విడుదలైన రోజు నుంచే లెక్కలోకి వస్తుంది. మీ లెక్కే వేసి చూద్దాం. కోర్సు రెండేళ్లు, ఆపైన ఏడాది, మొత్తం 36 నెలలు. ఫీజు నాలుగు సెమిస్టర్లకు 5 లక్షల చొప్పున ఆరు నెలలకోసారి విడుదలవుతుందనుకుందాం. ఒక్కో 5 లక్షలకు నెలవడ్డీ 4,375 రూపాయలు. మొదటి ఆరు నెలలు 4,375, తర్వాత 8,750, ఆ తర్వాత 13,125, నాలుగో విడత వచ్చాక నెలకు 17,500. మారటోరియం ముగిసేనాటికి ఇదంతా కలిపి 4,72,500 అవుతుంది. దీన్ని అసలుకు కలిపేస్తారు. అంటే మీవాడు ఈఎంఐ మొదలుపెట్టేది 20 లక్షల మీద కాదు, 24,72,500 మీద. పదేళ్ల గడువుకు నెలకు సుమారు 33,360 వస్తుంది. వడ్డీని ఎప్పటికప్పుడు కట్టేసి ఉంటే అది సుమారు 26,990 మాత్రమే. ఆ 4.72 లక్షలు అప్పట్లో కట్టకపోవడం వల్ల పదేళ్లలో దాదాపు 7.65 లక్షలు కట్టాల్సి వస్తుందన్నమాట.

అందుకే లెటర్‌లో ‘మారటోరియం’ అన్న మాట దగ్గర ఆగి మూడు సంగతులు వెతకండి. మొదటిది, ఆ కాలంలో వేసేది సాధారణ వడ్డీయా, నెలనెలా అసలుకు కలిపే చక్రవడ్డీయా? పైన నేను వేసింది సాధారణ వడ్డీ. నెలనెలా కలిపితే ఈఎంఐ మొదలయ్యేనాటికి బాకీ మరో 62 వేలు పెరుగుతుంది. రెండోది, చదువుకునే రోజుల్లోనే వడ్డీ కట్టేవారికి రేటులో రాయితీ ఉందా? చాలా ప్రభుత్వ బ్యాంకులు 1 శాతం వరకు తగ్గిస్తాయి. నెలకు నాలుగైదు వేలతో మొదలుపెట్టగలిగితే దాన్ని వదులుకోవద్దు. మూడోది, మారటోరియం ఎప్పుడు ముగుస్తుంది? ‘కోర్సు అయ్యాక 12 నెలలు లేదా ఉద్యోగం వచ్చాక 6 నెలలు, ఏది ముందైతే అది’ అని కొన్ని లెటర్లలో ఉంటుంది. అలా ఉంటే ఉద్యోగం త్వరగా దొరికినవాడికి ఆ ఏడాది అంతా మిగలదు. ఇంకో జాగ్రత్త కూడా. మారటోరియంలోనూ పాక్షిక వడ్డీ కట్టాలని కొన్ని సంస్థలు రాస్తాయి. అది తప్పితే డిఫాల్ట్ కిందే లెక్క. కో-అప్లికెంట్‌గా సంతకం పెట్టిన మీ క్రెడిట్ స్కోరు కూడా పడిపోతుంది.

రేటు సంగతికొస్తే, ఫ్లోటింగ్ అంటే మధ్యలో మారే రేటు కాబట్టి 10.50 పక్కన అది దేనికి ముడిపడి ఉందో రాసి ఉండాలి. రిటైల్ ఫ్లోటింగ్ లోన్లను బయటి కొలమానానికి, ఎక్కువగా రిజర్వ్ బ్యాంక్ బ్యాంకులకు అప్పిచ్చే రెపో రేటుకు, ముడిపెట్టాలని బ్యాంకులకు 2019 అక్టోబర్ నుంచి నిబంధన ఉంది. కనీసం మూడు నెలలకోసారి రేటును సవరించాలి. బ్యాంకులు కాని ఫైనాన్స్ సంస్థలకు, అంటే ఎన్‌బీఎఫ్‌సీలకు, ఈ నిబంధన వర్తించదు. అవి తమ సొంత ప్రైమ్ లెండింగ్ రేటు పెట్టుకుంటాయి కాబట్టి రెపో తగ్గినా మీ వడ్డీ అంతే తగ్గుతుందన్న భరోసా లేదు. మీకు ఇచ్చింది బ్యాంకా, ఎన్‌బీఎఫ్‌సీనా అన్నది లెటర్ అడుగున పేరు చూస్తే తెలుస్తుంది. రేటు ఒక్క శాతం పెరిగితే పై లెక్కలో ఈఎంఐ సుమారు 1,400 పెరుగుతుంది. అప్పుడు ఈఎంఐ పెంచుతారా, గడువు పొడిగిస్తారా అన్నది మీరు ఎంచుకునే వీలుండాలి.

ప్రాసెసింగ్ ఫీజు 1 శాతం అని ఉంటే 20 వేలు, దాని మీద 18 శాతం జీఎస్టీ 3,600, మొత్తం 23,600. ఎంత అన్నదానికంటే దాన్ని ఎక్కడి నుంచి తీసుకుంటారన్నది ముఖ్యం. మొదటి విడతలోంచి కోసుకుంటే యూనివర్సిటీకి వెళ్లాల్సిన ఫీజు ఆ మేరకు తగ్గుతుంది. సెమిస్టర్ గడువుకు రెండు రోజుల ముందు ఈ సంగతి తెలిస్తే తిప్పలే. వీసా రాకపోతే ఈ ఫీజు వెనక్కి ఇస్తారో లేదో కూడా చూడండి. ఇన్సూరెన్స్ ప్రీమియం కలిపారేమో కూడా చూసుకోండి. దాన్ని లోన్ మొత్తానికే చేర్చితే దాని మీద కూడా పదేళ్లు వడ్డీ కడతారు. కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్‌లో చూపని ఏ ఛార్జీనీ మీ స్పష్టమైన అంగీకారం లేకుండా తర్వాత వేయకూడదు. రెండు సంస్థల్ని పోల్చాలంటే అందులోని ఏపీఆర్ అంకె చూడండి. ఫీజులన్నీ కలిపి వేసిన వార్షిక ఖర్చు అది.

పెనాల్టీ క్లాజులో ఒక్క పదం చూస్తే చాలు. ఏడాదికి 2 శాతం అని ఉంటే, దేని మీద? ‘ఓవర్‌డ్యూ అమౌంట్’, అంటే గడువు దాటిన వాయిదా మీదైతే 33,360 ఈఎంఐ నెల ఆలస్యానికి సుమారు 56 రూపాయలు. ‘ఔట్‌స్టాండింగ్’, అంటే మిగిలిన మొత్తం బాకీ మీదైతే 24.72 లక్షలకు నెలకు 4,120. మాట ఒక్కటే మారినా భారం ఇంత మారుతుంది. 2024 ఏప్రిల్ నుంచి ఇచ్చిన కొత్త లోన్లలో జరిమానాను అదనపు వడ్డీగా వేయకూడదు. ఛార్జీగానే వేయాలి, దాన్ని అసలుకు కలిపి మళ్లీ వడ్డీ వేయకూడదు. ‘పీనల్ ఇంట్రెస్ట్’ అని మీ లెటర్‌లో ఇంకా ఉంటే పాత నమూనానే పంపారన్నమాట. మార్చి పంపమనండి. ఈఎంఐ బౌన్స్ ఛార్జీ దీనికి అదనం. ముందే తీర్చేస్తే ఛార్జీ ఉంటుందా అన్నది పెద్దగా ఆందోళన పడాల్సిన విషయం కాదు. వ్యాపారం కోసం కాకుండా వ్యక్తులు తీసుకునే ఫ్లోటింగ్ రేటు లోన్లకు ఆ ఛార్జీ వేయకూడదు. ఫిక్స్‌డ్ రేటు అని ఉంటే మాత్రం చదవండి.

వీటిలో తేలనివేవైనా ఫోన్లో అడగొద్దు. శాంక్షన్ ఈమెయిల్‌కే రిప్లై ఇవ్వండి. ఇలా రాస్తే సరిపోతుంది: ‘మారటోరియంలో వడ్డీ సాధారణమా, చక్రవడ్డీయా? విడతల తేదీలతో నెలవారీ చెల్లింపుల పట్టిక పంపండి. పెనాల్టీ దేని మీద లెక్కిస్తారు? ప్రాసెసింగ్ ఫీజు విడిగా కట్టొచ్చా?’ పట్టిక రాగానే, ఈఎంఐ మొదలయ్యే నెల ఎదురుగా ఉన్న బాకీ అంకె చూడండి. పై విడతల ప్రకారమైతే అది 24,72,500కు దగ్గరగా ఉండాలి. 25.3 లక్షల దగ్గర ఉంటే చక్రవడ్డీ వేశారని, 26.3 లక్షలు ఉంటే మొత్తం 20 లక్షలూ మొదటి రోజే విడుదలైనట్టు లెక్కగట్టారని అర్థం. అది తేలాకే, ఫోన్లో ఎవరికీ చెప్పకుండా, మీరే ఓటీపీ వేసి యాక్సెప్ట్ చేయండి.