డేటా సబ్‌స్క్రిప్షన్‌కి ఫైనాన్స్ హెడ్ అప్రూవల్: క్వింటాకి ఎంత పడుతుందో చూపించండి

"కర్నూలు దగ్గర జిన్నింగ్ మిల్లులో ఎంఐఎస్ చూస్తాను. రేట్ల డాష్‌బోర్డ్ దానంతట అదే అప్‌డేట్ కావాలంటే డబ్బు కట్టి డేటా ఫీడ్ తీసుకోవాలి. ఫైనాన్స్ హెడ్ సారేమో 'ఫ్రీగా దొరికేదానికి డబ్బులెందుకు' అంటున్నారు. ప్రపోజల్ ఎలా రాయాలి?"

నేను ఆదోనిలో ఇలాంటి మిల్లులోనే పని చేస్తున్నానండీ, ఇదే అప్రూవల్ తీసుకున్నాను కూడా. సార్ అడిగిన ప్రశ్న న్యాయమైనదే, దాన్ని పక్కన పెట్టి డాష్‌బోర్డ్ ఎంత బాగుంటుందో రాస్తే ఫైల్ కదలదు.

ప్రపోజల్ మొదటి పేరాలోనే ఒక మాట ఒప్పుకోండి: యార్డులో ఈ రోజు పత్తి ఎంత పలికిందో తెలుసుకోవడానికి ఈ సబ్‌స్క్రిప్షన్ అక్కర్లేదు. అది మన కొనుగోలు మనిషికి, కమిషన్ ఏజెంట్లకి ఏ వెబ్‌సైట్ కన్నా ముందే తెలుస్తుంది. డబ్బు కట్టేది బయటి రేట్ల కోసం, అంటే గుంటూరు, గుజరాత్ వైపు దూది రేట్లు, న్యూయార్క్ ఫ్యూచర్స్, డాలరు మారకం. మనం పత్తిని క్వింటాల్లో కొంటాం, దూదిని క్యాండీల్లో అమ్ముతాం కదా, పొద్దున "ఈ రోజు ఇంతకు మించి పాడొద్దు" అని పెట్టుకునే లిమిట్ ఈ బయటి రేట్ల నుంచే వెనక్కి లెక్కగట్టి వస్తుంది. ఆ అంకె పాతదైతే లిమిట్టే తప్పుతుంది.

ఎంత తప్పుతుందో లెక్క వేసి చూపించండి. క్వింటా పత్తికి సుమారు 34 కిలోల దూది వస్తుంది అనుకుందాం. క్యాండీ అంటే 355.62 కిలోలు. దూది రేటు క్యాండీకి 500 రూపాయలు తగ్గి, మన డాష్‌బోర్డ్ ఇంకా పాత రేటే చూపిస్తుంటే, 500ని 355.62తో భాగించి 34తో గుణిస్తే దాదాపు 48 రూపాయలు. అంటే ప్రతి క్వింటాకి అంత ఎక్కువ పెట్టడానికి మనం సిద్ధపడుతున్నాం. రోజుకి 200 క్వింటాళ్లు కొనే మిల్లుకి అది 9,600 రూపాయల తేడా. రేటు పెరిగిన రోజు ఇది తిరగబడుతుంది, తక్కువ పాడి మంచి లాట్లు పోగొట్టుకుంటాం, ఆ నష్టం రిజిస్టర్‌లో ఎక్కడా కనపడదు కూడా. అయితే పాత రేటు ఉన్న ప్రతి రోజూ ఇంత నష్టం వస్తుందని మాత్రం రాయకండి, మన కొనుగోలు మనిషి ఫోన్లు చేసి చాలావరకు సర్దుకుంటాడని సార్‌కి తెలుసు. "ఇలా జరిగే అవకాశం ఉన్న రోజులు ఇన్ని" అని చూపిస్తే చాలు.

ఆ రోజుల్ని లెక్కపెట్టడం ఎలా అంటే, ప్రపోజల్ ఇచ్చే ముందే కొన్ని వారాలు రోజూ ఒకే టైముకి ఒక షీట్‌లో రాసుకోండి: ఫ్రీ సోర్స్‌లో కనపడే తాజా రేటు ఏ తేదీది, ఆ రోజు మన పార్టీలు నిజంగా కోట్ చేసిన దూది రేటు ఎంత. మండీ ధరలకి అగ్‌మార్క్‌నెట్ మంచిదే, నేను ఇప్పటికీ వాడుతున్నాను, కానీ అక్కడ కనపడాలంటే ఆ మార్కెట్ వాళ్లు ఎంట్రీ చేయాలి, చేయని రోజు ఖాళీగా ఉంటుంది. ఆ ఖాళీని పవర్ క్వెరీలో ఫిల్ డౌన్‌తో నింపి ఉంటే నిన్నటి రేటే ఈ రోజు రేటులా కూర్చుంటుంది. రిఫ్రెష్ సక్సెస్ అనే చూపిస్తుంది, ఎర్రగా ఏదీ వెలగదు. రేటు ఎన్ని రోజుల పాతదో చెప్పే ఈ మెజర్‌ని పేజీ పైనే కార్డుగా పెట్టండి, డబ్బు కట్టినా కట్టకపోయినా పనికొస్తుంది. కానీ ఇది చూసే టేబుల్ ఫిల్ డౌన్ చేయనిది, రేటు ఖాళీగా ఉన్న వరసలు తీసేసినది అయి ఉండాలి, లేకపోతే ఇదీ నిన్నటిని ఈ రోజు అనుకుంటుంది:

```
Days Old = DATEDIFF(MAX(Rates[price_date]), TODAY(), DAY)
```

మా సార్ సంతకానికి ఒప్పుకున్నది ఈ షీట్ చూశాకే. మన రిజిస్టర్‌లోని అంకెల్ని ఆయన ఎలాగూ నమ్ముతారు, వెండర్ పంపిన బ్రోచర్‌ని నమ్మాల్సిన పని ఆయనకి లేదు.

ఇక అడిగే మొత్తం. లైవ్ ఫీడ్ అడగకండి. పవర్ బీఐ ప్రో లైసెన్స్‌లో షెడ్యూల్డ్ రిఫ్రెష్ రోజుకి 8 సార్లే, సెకను సెకనుకీ మారే రేటు కొని దాన్ని రోజుకి ఎనిమిదిసార్లు చూడటం దండగ. ఆలస్యంగా వచ్చే రేట్లు లేదా రోజు ముగింపు రేట్లు ఇచ్చే ప్లాన్ చాలు, సాధారణంగా ధరలో చాలా తేడా ఉంటుంది. పన్నెండు నెలలకీ అడగొద్దు, అక్టోబరు నుంచి మార్చి దాకా సీజన్‌కే అడగండి. నెలకి 12,000 అనుకుంటే ఆరు నెలలకి 72,000. సీజన్‌లో కొనేది 24,000 క్వింటాళ్లయితే క్వింటాకి 3 రూపాయలు. పైన చెప్పిన 9,600తో పోలిస్తే ఎనిమిది రోజుల తప్పు తప్పించినా ఖర్చు వచ్చేసినట్టే. ఇవి అర్థం కావడానికి వేసిన అంకెలు, మీ కొటేషన్, మీ కొనుగోలు వేసుకోండి. ఈ "క్వింటాకి 3" లాంటి అంకె ప్రపోజల్‌లో పెద్దగా కనపడాలి, ఎందుకంటే హమాలీ, రవాణా అన్నీ సార్ క్వింటా మీదే చూస్తారు, 72,000 అని విడిగా చెబితే అది ఇంకో సాఫ్ట్‌వేర్ ఖర్చులా కనపడుతుంది.

పన్నుల దగ్గర తడబడితే ఫైల్ అక్కడే ఆగుతుంది. ఇండియా వెండర్ అయితే 18 శాతం జీఎస్టీ బిల్లులోనే వస్తుంది, ఇన్‌పుట్ క్రెడిట్ తీసుకోవచ్చు, కాకపోతే మన అమ్మకాల్లో జీఎస్టీ లేని సరుకు ఉంటే ఆ మేరకు క్రెడిట్ తగ్గుతుంది. విదేశీ వెండర్ అయితే రివర్స్ చార్జ్‌లో మనమే కట్టాలి, టీడీఎస్ సంగతి ముందే మీ సీఏని అడిగి ఆయన చెప్పింది ఒక లైన్‌లో రాయండి. ఏడాదికి ఒకేసారి కడితే మార్చి 31 దాటిన నెలల ఖర్చు ప్రీపెయిడ్‌లోకి వెళ్తుంది, అది ఫైనాన్స్ వాళ్లకి చెప్పక్కర్లేదు గానీ సీజన్ ప్లాన్‌కి ఆ తలనొప్పి ఉండదని రాస్తే బాగుంటుంది.

కార్డు ఆటో డెబిట్ పెట్టించకండి. ఆర్‌బీఐ రూల్ ప్రకారం 2022 జూన్ నుంచి 15,000 దాటిన రికరింగ్ పేమెంట్‌కి ప్రతిసారీ ఓటీపీ కావాలి. మీ బిల్లు అంత దాటితే ఆ ఓటీపీ సార్ ఫోన్‌కి వస్తుంది, ఆయన మీటింగ్‌లో ఉంటారు, పేమెంట్ ఫెయిలై ఫీడ్ ఆగిపోతుంది. ఇన్వాయిస్ తీసుకుని బ్యాంక్ ట్రాన్స్‌ఫర్ చేయించండి. అకౌంట్ మీ సొంత మెయిల్ మీద కాకుండా కంపెనీ మెయిల్ మీద తెరవండి, "నువ్వు మానేస్తే దీన్ని ఎవరు చూస్తారు" అని సార్ తప్పకుండా అడుగుతారు.

వెండర్ దగ్గర రాతపూర్వకంగా తీసుకోవాల్సినవి రెండు. ఎంతమంది చూడొచ్చు: ఒక్క యూజర్ లైసెన్స్ తీసుకుని ఆఫీసు టీవీలో పెట్టినా, స్క్రీన్‌షాట్ తీసి ఏజెంట్ల వాట్సాప్ గ్రూపులో పడేసినా చాలా కాంట్రాక్టుల్లో అది ఉల్లంఘనే. రెండోది, మానేశాక అప్పటివరకూ దించుకున్న పాత రేట్లు మన దగ్గర ఉంచుకోవచ్చా లేదా. ఉంచుకోకూడదంటే వచ్చే సీజన్‌లో పోల్చడానికి మీ దగ్గర ఏమీ మిగలదు, అప్పుడు ఆ వెండర్‌ని వదిలేయమనే నా సలహా. మొదటి నెల ముగిశాక ఆపేసే హక్కు, నోటీసు ఎన్ని రోజులు అన్నది కూడా ఆ మెయిల్‌లోనే అడిగి, వాళ్ల జవాబుని ప్రింట్ తీసి ప్రపోజల్‌కి జత చేయండి.