టెక్ సందేహాలు: ఫార్వర్డ్ మెయిల్‌తో పరిచయాలు చేయకండి

ప్రశ్న: రేణిగుంటలో మాకు ప్యాకింగ్ డబ్బాల వ్యాపారం ఉంది. చిత్తూరులో మామిడి పల్ప్ ఫ్యాక్టరీ నడిపే ఒకాయన, తిరుపతిలో ఐస్‌క్రీమ్ తయారుచేసే ఒకావిడ ఇద్దరూ మా కస్టమర్లే. ఒకరికొకరు పనికొస్తారని ఆయన మెయిల్‌ను ఆమెకు ఫార్వర్డ్ చేసి, ఆయన్నీ సీసీలో పెట్టాను. ఆయన ఫోన్ చేసి గట్టిగా కోప్పడ్డారు. అసలు పరిచయం మెయిల్ ఎలా రాయాలి సార్? (ఆ మెయిల్ కాపీ జత చేశాను.)

జవాబు: మీరు పంపిన కాపీని అడుగుదాకా చదివాను. పోయిన సీజన్ తోతాపురి పల్ప్ డబ్బాలు గోడౌన్‌లో మిగిలిపోయాయని, కొత్త కాయ దిగేలోపు వదిలించుకోవాలని ఆయన మీకు రాసుకున్న మాట అందులో అలాగే ఉంది. ఇక ఆవిడ బేరం ఎక్కడ మొదలుపెడతారో చెప్పాలా? ఆయన కోపం న్యాయమే.

తప్పంతా మీది కూడా కాదు. ఫోన్‌లోని కొన్ని మెయిల్ యాప్‌లు పాత సంభాషణను మూడు చుక్కల వెనక దాచేస్తాయి. పంపేవాడికి రెండు లైన్లే కనిపిస్తాయి, అందుకునేవాడికి మాత్రం చరిత్రంతా చేరుతుంది. ఫార్వర్డ్‌లో ఆ మెయిల్‌కున్న అటాచ్‌మెంట్లు కూడా వెంట వెళ్తాయి. ఏం పోతోందో పంపేవాడికే చూపించని ఈ డిజైన్ మీద ప్రతి నెలా ఫిర్యాదులు వస్తూనే ఉన్నాయి. అందుకే పరిచయానికి ఎప్పుడూ కొత్త మెయిల్ తెరవండి.

దానికంటే ముందు ఇద్దరినీ విడివిడిగా అడగాలి. అవసరం ఆవిడది కాబట్టి ఆమెతో మొదలుపెట్టండి. ఫ్యాక్టరీ పేరు చెప్పకుండా, 'పల్ప్ ఇవ్వగలిగినవాళ్లు నాకు తెలుసు, మీ అవసరం వాళ్లకు చెప్పవచ్చా? ఎంత కావాలి, ఎప్పటికి కావాలి?' అంటే చాలు. ఆమె సరేనన్నాకే ఆయనకు రాయండి: 'తిరుపతిలో ఐస్‌క్రీమ్ చేసేవారికి నెలకు ఇంత పల్ప్ కావాలి. డ్రమ్ము కాదు, 3.1 కిలోల డబ్బాలు. మీ పేరు, మెయిల్ వాళ్లకు ఇవ్వవచ్చా? కుదరదంటే నేనే ఏదో చెప్పుకుంటాను.' ఆ చివరి వాక్యం వదలకండి. మొహమాటానికి 'సరే' అన్న మనిషి తర్వాత ఫోనెత్తరు, మధ్యలో మాట పడేది మీకు.

డబ్బా సైజు ఎందుకంటే, ఫ్యాక్టరీలు పల్ప్‌ను ఎక్కువగా 200 కిలోలు దాటే డ్రమ్ముల్లో నింపుతాయి. డ్రమ్ములో పల్ప్ ఉండే సంచి ఒకసారి తెరిస్తే త్వరగా వాడేయాలి. చిన్న యూనిట్‌కు అది గిట్టదు. ఈ ఒక్క వివరంతోనే ఇది తనకు పనికొచ్చే బేరమో కాదో ఆయన తేల్చుకోగలరు.

ఇద్దరూ ఒప్పుకున్నాక సబ్జెక్ట్‌లో 'పరిచయం' అని వదిలేయకుండా 'తోతాపురి పల్ప్, 3.1 కిలోల డబ్బాలు: చిత్తూరు–తిరుపతి' అని పెట్టండి. లోపల ఎవరు ఏం చేస్తారో, మీకు ఎలా తెలుసో ఒక్కో వాక్యం. 'ఇద్దరినీ అడిగాకే రాస్తున్నాను. మేడమ్ మొదట తన అవసరం రాస్తారు, ధర మీరిద్దరూ మాట్లాడుకోండి' అని ముగించండి. ఆవిడ జవాబిచ్చేటప్పుడు మిమ్మల్ని బీసీసీలోకి మార్చమనండి. పరిచయం అందిందని మీకు తెలుస్తుంది, ఆ తర్వాత వాళ్ల మెయిళ్లు మీకు రావు. బీసీసీలో ఉండి మీరు 'రిప్లై ఆల్' నొక్కారో, దాగిన మనిషి అందరికీ కనిపిస్తాడు.

నన్ను అసలు భయపెట్టేది ఇకపై జరిగేది. ఈ ముగ్గురిలో ఒకరి మెయిల్ పాస్‌వర్డ్ ఇప్పటికే దొంగ చేతిలో ఉందనుకోండి. ఒకరి గొంతు ఒకరికి తెలియని ఇద్దరు అడ్వాన్స్ గురించి రాసుకుంటుంటే వాడికి అంతకంటే ఏం కావాలి? 'మా బ్యాంకు ఖాతా మారింది, ఇందులో వేయండి' అని అదే సంభాషణలో, అదే సంతకంతో జవాబు వస్తుంది. పైన కనిపించే పేరు ఎవరైనా పెట్టుకోవచ్చు. పూర్తి అడ్రస్‌లో ఒక అక్షరం తేడా ఉండొచ్చు. నిజమైన మెయిల్‌బాక్స్‌లోంచే వస్తే ఆ తేడా కూడా ఉండదు.

ఇక్కడ ఇద్దరి గొంతులూ తెలిసింది మీకొక్కరికే. అందుకే ఫోన్ నంబర్లు మెయిల్‌లో పెట్టకుండా, వాళ్ల అనుమతితో మీరే ఫోన్ చేసి ఇవ్వండి. ఖాతా నంబర్ వచ్చినా, మారినా ఆ నంబర్‌కే ఫోన్ చేసి సరిచూసుకున్నాకే డబ్బు పంపాలని ఇద్దరికీ చెప్పండి. మెయిల్ కింద రాసున్న నంబర్‌కు చేస్తే దొంగే ఎత్తవచ్చు. డబ్బు పోయిందని తెలిస్తే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

ఇప్పటికే వెళ్లిన మెయిల్ వెనక్కి రాదు. జీమెయిల్ వాడుతుంటే, ఇకముందు పొరపాటున పంపింది వెంటనే ఆపుకునేందుకు కంప్యూటర్‌లో సెట్టింగ్స్ తెరిచి Undo Send గడువును 30 సెకన్లకు పెంచండి, మామూలుగా అది 5 సెకన్లే ఉంటుంది. ఇక చిత్తూరు ఆయన దగ్గరికి మెయిల్‌తో కాదు, మనిషిగా వెళ్లి మాట్లాడండి.